8.1 ఎందుకు దొరకడం లేదు? యాంటెన్నా టీవీలో చానెళ్ల స్కాన్ వెనక జరిగేది

మార్చి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇళ్లలో టోర్నడో భయం మొదలవుతుంది. సైరన్ మోగినప్పుడు ఇంటర్నెట్ ఉంటుందో లేదో తెలియదు. ఫోన్‌లో వచ్చే హెచ్చరికలో నాలుగు ముక్కలే ఉంటాయి. తుపాను ఏ వీధి మీదుగా కదులుతోందో మ్యాప్ పెట్టి నిమిషనిమిషానికీ చెప్పేది స్థానిక టీవీ స్టేషన్లే. వాటిని చూడటానికి కేబుల్ కనెక్షన్ అక్కర్లేదు, నెలనెలా బిల్లూ కట్టనక్కర్లేదు. ఒక యాంటెన్నా చాలు. అందుకే ఊరి నుంచి అమ్మానాన్న వచ్చిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని, వాళ్ల గదిలోని టీవీకి యాంటెన్నా పెట్టి చానెళ్లు స్కాన్ చేయడం.

ఆ పనిలోనే చాలామంది తికమక పడుతుంటారు. నిన్న వచ్చిన చానెల్ ఇవాళ రాదు. పక్కింట్లో వచ్చేది మనింట్లో రాదు. మళ్లీ స్కాన్ చేస్తే కొత్తది ఒకటి వచ్చి, ఉన్నవి రెండు పోతాయి. కష్టపడి పెట్టుకున్న ఫేవరెట్ల జాబితా ఖాళీ అయిపోతుంది. ఇవి వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, దాదాపు అన్నిటికీ మూలం ఒకటే. తెర మీద కనిపించే చానెల్ నంబరు వేరు, గాలిలో ఆ చానెల్ నిజంగా ప్రయాణించే నంబరు వేరు.

తెర మీద 5.1, గాలిలో 24

డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో ఎన్‌బీసీ వాళ్ల స్టేషన్ తెర మీద 5.1గా కనిపిస్తుంది. ఈ 5కి పెద్ద చరిత్రే ఉంది. 1948లో ఫోర్ట్‌వర్త్‌లో, టెక్సస్ మొత్తానికి మొట్టమొదటి టీవీ స్టేషన్‌గా అది మొదలైనప్పుడు నిజంగానే 5వ చానెల్ మీద ప్రసారమయ్యేది. అప్పట్లో నంబరు అంటే ఫ్రీక్వెన్సీయే. టీవీ గుండీని 5 మీదికి తిప్పితే 5వ చానెల్‌కి కేటాయించిన తరంగాలే పట్టేది.

2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారాలు ఆపి పూర్తిగా డిజిటల్‌కి మారాయి. డిజిటల్ ప్రసారాలకు చాలా స్టేషన్లకు వేరే ఫ్రీక్వెన్సీలు వచ్చాయి. కానీ అరవై ఏళ్లుగా జనం నోళ్లలో నానిన నంబరును ఏ స్టేషన్ వదులుకుంటుంది? అందుకని డిజిటల్ సిగ్నల్‌తో పాటు ఒక చిన్న పట్టిక కూడా పంపడం మొదలుపెట్టారు. 'నన్ను 5.1 అని చూపించు' అని టీవీకి చెప్పేది ఆ పట్టికే. చుక్క ముందున్న అంకె స్టేషన్‌ది. చుక్క తరవాతి అంకె, అదే స్టేషన్ అదే తరంగం మీద పంపే వేరువేరు కార్యక్రమాలది. 5.1, 5.2 లాంటివన్నీ ఒకే ప్రసారంలో కలిసి వస్తాయి కాబట్టి సాధారణంగా వస్తే అన్నీ వస్తాయి, పోతే అన్నీ పోతాయి.

ఆ తరవాత ఇంకో మార్పు జరిగింది. 2017లో ముగిసిన వేలంలో టీవీ వాడుతున్న ఫ్రీక్వెన్సీల్లో కొంత భాగాన్ని మొబైల్ కంపెనీలకు అమ్మారు. దానితో 36 దాటిన చానెళ్లలో ఉన్న పెద్ద స్టేషన్లన్నీ 2020 జూలై నాటికి కిందికి జరగాల్సి వచ్చింది. అప్పటిదాకా 41లో ఉన్న మన 5.1 కూడా అలాగే 24కి మారింది. తెర మీద నంబరు మాత్రం మారలేదు. కాబట్టి జనానికి ఏమీ తెలియలేదు, ఒకరోజు 5.1 నొక్కితే 'No Signal' వచ్చేదాకా.

స్కాన్ అంటే టీవీ రాసుకునే చిరునామా పుస్తకం

స్కాన్ సమయంలో టీవీ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. 2 నుంచి 36 దాకా ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర క్షణం సేపు ఆగుతుంది. అక్కడ డిజిటల్ సిగ్నల్ సరిగ్గా అందితే స్టేషన్ పంపే పట్టిక చదువుతుంది. 'తెర మీద 5.1 అంటే గాలిలో 24, అందులో ఫలానా కార్యక్రమం' అని తన మెమరీలో రాసుకుంటుంది. అందకపోతే ముందుకు వెళ్లిపోతుంది. చివరికి మిగిలేది ఒక చిరునామా పుస్తకం. ఆ తరవాత మనం రిమోట్‌లో 5.1 నొక్కిన ప్రతిసారీ టీవీ గాలిలో వెతకదు, ఆ పుస్తకం తీసి చూస్తుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. ఒకటి, స్టేషన్ కొత్త ఫ్రీక్వెన్సీకి మారితే మన పుస్తకంలో ఉన్నది పాత చిరునామా అవుతుంది. ఇల్లు మారినవాళ్లకు పాత అడ్రసుకు ఉత్తరం రాసినట్టు, టీవీ 41 దగ్గరికి వెళ్లి ఎవరూ లేక వెనక్కి వస్తుంది. మళ్లీ స్కాన్ చేస్తేనే కొత్త అడ్రసు ఎక్కుతుంది. రెండోది, స్కాన్ చేసిన ఆ ఒక్క క్షణంలో సిగ్నల్ అందకపోతే ఆ చానెల్ పుస్తకంలోకే రాదు. తరవాత సిగ్నల్ ఎంత బాగా వచ్చినా నంబరు నొక్కితే పలకదు.

ఇంకో చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. స్కాన్ మొదలయ్యే ముందు చాలా టీవీలు 'Antenna' కావాలా 'Cable' కావాలా అని అడుగుతాయి. కేబుల్‌లో ఫ్రీక్వెన్సీల అమరిక, సిగ్నల్ మోసుకొచ్చే పద్ధతి రెండూ వేరు. యాంటెన్నా తగిలించి పొరపాటున 'Cable' ఎంచుకుంటే పది నిమిషాలు స్కాన్ నడిచి చివరికి సున్నా చానెళ్లు చూపిస్తుంది. యాంటెన్నా పాడైందనుకుని దాన్ని తిరిగి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

ఫ్రిస్కోలో ఒక పడకగది: అన్నీ వచ్చి 8.1 మాత్రం రాకపోవడం

మా ఇల్లు ఫ్రిస్కోలో. డాలస్ ప్రధాన స్టేషన్ల టవర్లన్నీ నగరానికి నైరుతి దిక్కున సీడర్ హిల్ దగ్గర గుట్టల మీద గుంపుగా ఉన్నాయి. మా దగ్గరి నుంచి సుమారు 40 మైళ్లు, దక్షిణంగా, కాస్త పడమరకు. టవర్లన్నీ ఒకేచోట ఉండటం అదృష్టమే. యాంటెన్నాను ఒక దిక్కుకు పెడితే చాలు.

నాన్న గదిలో దక్షిణం కిటికీకి కాగితంలా పలచగా ఉండే యాంటెన్నా అంటించి మొదటి స్కాన్ చేశాను. 4.1 ఫాక్స్, 5.1 ఎన్‌బీసీ, 11.1 సీబీఎస్, 13.1 పీబీఎస్ చక్కగా వచ్చాయి. ఏబీసీ వాళ్ల 8.1 లేదు. అదే టవర్ల గుంపు, అదే దూరం, అదే దిక్కు. మళ్లీ స్కాన్ చేశాను. మళ్లీ లేదు.

కారణం తెర మీది నంబర్లలో కనిపించదు, గాలిలోని నంబర్లలో కనిపిస్తుంది. 4.1 నిజంగా ఉండేది 35లో, 5.1 ఉండేది 24లో, 11.1 ఉండేది 19లో, 13.1 ఉండేది 14లో. ఇవన్నీ 14 నుంచి 36 దాకా ఉండే యూహెచ్‌ఎఫ్ వరసలోవి. 8.1 ఒక్కటే తెర మీదా గాలిలోనూ 8. అది 2 నుంచి 13 దాకా ఉండే వీహెచ్‌ఎఫ్ వరసలోది. 11, 13 కూడా చిన్న అంకెలే కదా అని వాటిని వీహెచ్‌ఎఫ్ అనుకోవడం సహజం. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

వరస మారితే తరంగం పొడవు మారుతుంది. 8వ చానెల్ మధ్య ఫ్రీక్వెన్సీ 183 మెగాహెర్ట్జ్. తరంగం పొడవు సుమారు 1.64 మీటర్లు. దాన్ని బాగా పట్టుకునే సాదా యాంటెన్నాకు అందులో సగం, అంటే 82 సెంటీమీటర్ల పొడవు కావాలి. 11.1 ఉండే 19వ చానెల్ 503 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి 30 సెంటీమీటర్లు సరిపోతుంది. కిటికీకి అంటించిన ఆ పలచటి యాంటెన్నా వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లే. 19కి అది సరిగ్గా సరిపోయింది, 8కి చాలా పొట్టి అయింది.

దానికి తోడు వీహెచ్‌ఎఫ్‌కు ఇంట్లోని విద్యుత్ రొద ఎక్కువ తగులుతుంది. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఈ ఫ్రీక్వెన్సీల్లో అనవసరమైన తరంగాలు వెదజల్లుతుంటాయి. ఇది మీ ఇంట్లో ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. టీవీ మెనూలో సిగ్నల్ నాణ్యత చూపించే పేజీ తెరిచి, గదిలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ చూడాలి. మా గదిలో మంచం పక్క దీపం ఆర్పగానే నాణ్యత గీత కదిలింది.

ఇక్కడ మన చిన్నప్పటి అనుభవం కాస్త దారి తప్పిస్తుంది. డాబా మీద నాన్న యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి 'బొమ్మ వచ్చింది, కొంచెం అటు, అయ్యో పోయింది' అని కేకలు వేసిన తరం మనది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు పెరిగేవి, బొమ్మ మెల్లగా మసకబారేది. దాన్నిబట్టి యాంటెన్నా ఎటు తిప్పాలో తెలిసేది. డిజిటల్‌లో ఆ మధ్య దశ దాదాపు ఉండదు. సిగ్నల్ రొద కన్నా సుమారు 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే బొమ్మ పూర్తిగా వస్తుంది. దానికి కొంచెం తగ్గితే ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. ఇంకొంచెం తగ్గితే ఏమీ ఉండదు. కాబట్టి బొమ్మను చూస్తూ తిప్పడం కుదరదు, నాణ్యత గీతను చూస్తూ తిప్పాలి.

యాంప్లిఫయర్ కొంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. పొడవాటి కేబుల్‌లోనో, సిగ్నల్‌ను రెండు టీవీలకు పంచేచోటో పోయిన బలాన్ని అది పూడుస్తుంది. కానీ యాంటెన్నా దగ్గరే సిగ్నల్‌లో రొద కలిసి ఉంటే ఆ రొదను కూడా పెంచుతుంది. బలం పెరుగుతుంది గానీ రెంటి మధ్య తేడా పెరగదు. మా గదికి కావలసింది యాంప్లిఫయర్ కాదు, పొడవాటి చేతులున్న యాంటెన్నా. కుందేలు చెవుల్లా రెండు కడ్డీలుండే చిన్న యాంటెన్నా తెచ్చి, ఒక్కో కడ్డీని సుమారు 40 సెంటీమీటర్లకు లాగి, దాదాపు అడ్డంగా పరిచాను. 8 దగ్గర నాణ్యత నిలకడగా నిలిచింది.

మొత్తం మళ్లీ స్కాన్ చేయాలా, ఒక్కటే చేర్చుకోవాలా?

ఇప్పుడు 8.1 అందుతోంది గానీ పుస్తకంలో లేదు. ఇక్కడ రెండు దారులున్నాయి. రెండింటి గురించీ గట్టిగా వాదించేవాళ్లున్నారు.

మొత్తం స్కాన్ చేయమనేవాళ్లు చెప్పేది న్యాయంగానే ఉంటుంది. పాత చిరునామాలన్నీ పోయి పుస్తకం శుభ్రంగా తయారవుతుంది. ఈమధ్య స్టేషన్లు కొత్తగా మొదలుపెట్టిన చిన్న చానెళ్లు కూడా దొరుకుతాయి. మొండిగా పాత వివరాలు పట్టుకుని ఉండే టీవీలకు, ముందు యాంటెన్నా తీగ ఊడదీసి ఒకసారి స్కాన్ చేసి, జాబితా సున్నా అయ్యాక తీగ తగిలించి మళ్లీ స్కాన్ చేయమని కూడా చెబుతారు. అది నిజంగా పనిచేస్తుంది.

వద్దనేవాళ్ల భయం కూడా నిజమే. చాలా టీవీలు మొత్తం స్కాన్ మొదలవగానే పాత పుస్తకం చింపేసి కొత్తది రాయడం మొదలుపెడతాయి. సరిగ్గా అప్పుడే గాలివానో, గదిలో ఎవరో అటూ ఇటూ నడవడమో వల్ల 11.1 ఒక్క క్షణం తడబడితే, నిన్నటిదాకా ఉన్న 11.1 ఇవాళ పోతుంది. ఒకటి వెతకబోయి రెండు పోగొట్టుకోవడం అలాగే జరుగుతుంది.

నా మట్టుకు నేను, పోయింది ఏ చానెలో తెలిసినప్పుడు మొత్తం స్కాన్ ముట్టుకోను. చాలా టీవీల్లో చేత్తో ఒక్క ఫ్రీక్వెన్సీనే వెతికే ఏర్పాటు ఉంటుంది. అక్కడ ఇవ్వాల్సింది గాలిలోని నంబరు. 5.1 పోతే 5 కాదు, 24 ఇవ్వాలి. మెనూలో ఆ ఏర్పాటు లేని కొన్ని టీవీల్లో కూడా రిమోట్ మీద నేరుగా 24 నొక్కితే అక్కడికి వెళ్లి, దొరికిన చానెళ్లను జాబితాలో కలిపేసుకుంటాయి. ఏ స్టేషన్ గాలిలో ఏ నంబరులో ఉందో rabbitears.info అనే సైటులో మన చిరునామా ఇచ్చి చూడొచ్చు. మన ఇంటి నుంచి ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత బలంగా అందే అవకాశం ఉందో కూడా అందులోనే ఉంటుంది. నాన్న గదిలో 8 ఒక్కటే వెతికించాను. మిగతా పుస్తకం చెక్కుచెదరకుండా 8.1 వచ్చి చేరింది.

రాత్రిపూట చేసే స్కాన్‌తో ఇంకో చిక్కుంది. వెచ్చగా, గాలి నిలకడగా ఉన్న రాత్రుల్లో, తెల్లవారుజాముల్లో గాలి పొరల మధ్య తరంగాలు ఒంగి మామూలుగా అందనంత దూరం వస్తాయి. అలాంటి వేళ మా ఇంట్లో స్కాన్ చేస్తే ఉత్తరాన షెర్మన్ వైపు స్టేషన్ 12.1 కూడా జాబితాలో ఎక్కుతుంది. అదీ సీబీఎస్సే. మర్నాడు మధ్యాహ్నం 12.1 నొక్కితే ఖాళీ తెర. చానెల్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. అది మన ఊరి చానెల్ కాదు, ఆ రాత్రికి చుట్టంలా వచ్చి వెళ్లింది.

వరస మార్చుకోవడం ఎందుకు కుదరదు, ఫేవరెట్లు ఎందుకు పోతాయి

మన దేశంలో చాలా సెట్‌టాప్ బాక్సుల్లో చానెల్‌ను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఆ అలవాటుతో ఇక్కడ 8.1ని మొదటి చానెల్‌గా పెట్టాలని చూస్తే చాలా టీవీలు ఒప్పుకోవు. నంబరును నిర్ణయించేది టీవీ కాదు, స్టేషన్ పంపే పట్టిక. టీవీ ఆ నంబర్లను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి ఊరుకుంటుంది. అందువల్ల మనకు మిగిలేవి రెండు పనులు. అక్కర్లేనివి దాచేయడం, కావలసినవి ఫేవరెట్లలో పెట్టుకోవడం.

ఈ రెండూ ఒకటి కాదు. చానెల్‌ను దాచితే చాలా టీవీల్లో అది పుస్తకంలోనే ఉంటుంది, పైకీ కిందికీ వెళ్లే మీటలు మాత్రం దాన్ని దాటేస్తాయి. నంబరు నొక్కితే ఇంకా వస్తుంది. ఫేవరెట్లు అంటే ఆ పుస్తకం పక్కన పెట్టుకున్న చిన్న చీటీ. డాలస్‌లో స్కాన్ చేస్తే డజన్ల కొద్దీ చానెళ్లు వస్తాయి. షాపింగ్ చానెళ్లు, మనకు అర్థంకాని భాషల చానెళ్లు అన్నీ ఒక్కొక్కటే దాచుకుంటూ పోవడం పెద్ద పని. పైగా తరవాతి మొత్తం స్కాన్‌లో అవన్నీ తిరిగి ప్రత్యక్షమవుతాయి. నాన్నకు కావలసినవి అయిదే: 4.1, 5.1, 8.1, 11.1, 13.1. వాటిని ఫేవరెట్లలో పెట్టడం అయిదు నిమిషాల పని.

మొత్తం స్కాన్ తరవాత ఫేవరెట్లు ఉంటాయా పోతాయా అన్నది ఆ టీవీ చీటీలో ఏం రాసుకుందన్న దాని మీద ఉంటుంది. నంబరే రాసుకుంటే స్కాన్ తరవాత కూడా 8.1 దొరుకుతుంది. 'పుస్తకంలో పదో వరస' అని రాసుకుంటే పుస్తకం మారగానే అక్కడ ఇంకేదో కూర్చుంటుంది. కొన్ని టీవీలు ఆ గొడవ లేకుండా చీటీని పూర్తిగా చెరిపేస్తాయి. మీ టీవీ ఏ రకమో ముందే తెలుసుకోవాలంటే, ఒకే ఒక్క చానెల్‌ను ఫేవరెట్‌గా పెట్టి, మొత్తం స్కాన్ చేసి, అది మిగిలిందో లేదో చూడండి. పది చానెళ్లు పెట్టాక తెలుసుకోవడం కన్నా అది మేలు. నేను ఇప్పటికీ ఆ అయిదు నంబర్లనూ, పక్కనే గాలిలోని నంబర్లనూ ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటిస్తాను.

ఒకే నంబరుకు రెండు ప్రసారాలు: కొత్త పద్ధతి తెచ్చిన చిక్కు

2017లో అమెరికా ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసార పద్ధతికి అనుమతి ఇచ్చింది. దాన్ని నెక్స్ట్‌జెన్ టీవీ అని అమ్ముతున్నారు. పాత టీవీల్లో సిగ్నల్ పట్టే ట్యూనర్‌కు అది అసలు సిగ్నల్‌గానే అనిపించదు. అందుకే ప్రధాన చానెల్‌ను పాత పద్ధతిలో కూడా ఇస్తూ ఉండాలని అప్పట్లోనే షరతు పెట్టారు. ఒకే స్టేషన్‌కు రెండు తరంగాలు ఉండవు కాబట్టి, స్టేషన్లు తమలో తాము చోటు పంచుకుంటున్నాయి. ఒక స్టేషన్ పాత ప్రసారం ఇంకో స్టేషన్ టవర్ నుంచి వెళ్తుంది. అలా పంచుకున్నప్పుడల్లా తెర మీది నంబరు మారదు, గాలిలోని నంబరు మారుతుంది. చిరునామా పుస్తకం మళ్లీ పాతబడుతుంది.

రెండు పద్ధతులూ పట్టగల టీవీలో ఒకే నంబరుకు రెండు ప్రసారాలు దొరుకుతాయి. కొన్ని టీవీలు రెండూ చూపిస్తాయి, కొన్ని ఒకదాన్నే ఎంచుకుంటాయి. కొత్త ప్రసారానికి తాళం కూడా వేస్తున్న స్టేషన్లున్నాయి. ఆ తాళం తెరిచే అనుమతి లేని బాక్సుకు స్కాన్‌లో చానెల్ పేరు వస్తుంది గానీ బొమ్మ రాదు. కార్యక్రమాలు దొంగతనంగా పంచుకోకుండా ఆపడానికి తాళం తప్పదని ప్రసార సంస్థలు అంటున్నాయి. ఖరీదైన ఆటల ప్రసారాలు ఉచిత టీవీలో నిలవాలంటే ఆ భద్రత చూపించాల్సిందేనని వాళ్ల వాదన. గాలిలో ఉచితంగా వచ్చేదానికి తాళం వేయడమే తప్పని, రికార్డు చేసుకునే చిన్న బాక్సులన్నీ దీనివల్ల మూలపడతాయని ప్రేక్షకులు, ఆ బాక్సుల తయారీదార్లు అంటున్నారు. పాత పద్ధతి తప్పనిసరి అన్న షరతును సడలించాలని ప్రసార సంస్థలు కోరుతుండగా, ఈ వాదన ఇంకా నడుస్తోంది.

ప్రస్తుతానికి ఇది మన ఇంట్లో ఎలా కనిపిస్తుందంటే, స్కాన్ అయ్యాక 8.1 జాబితాలో ఉండి, నాణ్యత గీత నిండుగా ఉండి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అలాంటప్పుడు యాంటెన్నాను ముట్టుకోనక్కర్లేదు. అదే నంబరుకు జాబితాలో రెండో ప్రసారం ఉందేమో చూసి, పాత పద్ధతిలో వచ్చేదాన్ని ఫేవరెట్లలో పెట్టుకోవాలి.